పక్షులు పెంచకపోయినా ఈ ఊపిరితిత్తుల జబ్బు వస్తుందా?

ప్రశ్న: నా వయసు 58. ఏడాదిన్నరగా పొడి దగ్గు, నడిస్తే ఆయాసం. స్కాన్‌లో ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని తేలింది. ఒక డాక్టర్ ఐపీఎఫ్, అంటే ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్ అన్నారు. మరొకరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ కావచ్చంటూ పావురాలున్నాయా, బూజు ఉందా అని అడిగారు. మా ఇంట్లో అలాంటివేమీ లేవు. ఈ రెండింటికీ తేడా ఏమిటి? స్టెరాయిడ్లు మొదలుపెట్టమంటున్నారు, వాడొచ్చా?

జవాబు: స్టెరాయిడ్ల సంగతి తేల్చే ముందు ఆ రెండో డాక్టర్ అడిగిన ప్రశ్న దగ్గర ఇంకాస్త ఆగాలి. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ ఉన్నవాళ్లలో చాలామంది మొదటిసారి అడిగినప్పుడు మీలాగే ‘అలాంటివేమీ లేవు’ అంటారు. వాళ్లు దాచిపెడుతున్నారని కాదు. రోజూ వాడే వస్తువు మీద ఎవరికీ అనుమానం రాదు, అంతే.

పక్షుల ఈకల్లో, రెట్టల్లో ఉండే ప్రొటీన్లు, బూజు, నిల్వనీటిలో పెరిగే కొన్ని బ్యాక్టీరియా, స్ప్రే పెయింట్లలోని కొన్ని రసాయనాలు చాలా సన్నని కణాలుగా గాలిలో తేలుతుంటాయి. సుమారు 5 మైక్రాన్ల కన్నా చిన్న కణాలు ఊపిరితిత్తుల చివర ఉండే గాలి గదుల దాకా చేరతాయి. ఒకే ఇంట్లో అందరూ అవే పీల్చినా కొందరిలో మాత్రమే రోగనిరోధక వ్యవస్థ వాటిపై అతిగా స్పందిస్తుంది. కాబట్టి ‘ఇంట్లో మిగతావాళ్లు బాగానే ఉన్నారు’ అన్నంత మాత్రాన అనుమానం తీరిపోదు. ఆ స్పందన వల్ల వచ్చిన వాపు నెలలు, ఏళ్ల తరబడి తగ్గకపోతే మచ్చగా మారి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. ఐపీఎఫ్‌లో ఇలా బయటి నుంచి వచ్చే కారణం కనబడదు. అక్కడ వాపు కన్నా మచ్చ కట్టడమే ప్రధానం.

స్కాన్‌లో కొంత తేడా తెలుస్తుంది. ఐపీఎఫ్‌లో మచ్చలు ఎక్కువగా ఊపిరితిత్తుల అడుగు భాగంలో, అంచుల వెంట ఉంటాయి. తేనెపట్టులాంటి గదులూ కనిపిస్తాయి. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్‌లో మచ్చలు పైభాగంలోనో మధ్యలోనో, లేదా అక్కడక్కడా చెదురుగా ఉండి, అట్టడుగు భాగం కొంత మిగిలి ఉండొచ్చు. ఈ జబ్బు సన్నని గాలి గొట్టాలను కూడా దెబ్బతీస్తుంది కాబట్టి ఊపిరి వదిలినా కొన్ని చోట్ల గాలి లోపలే చిక్కుకుపోతుంది. ఇది ఊపిరి వదిలిన స్థితిలో తీసిన చిత్రాల్లోనే స్పష్టంగా తెలుస్తుంది. మీ స్కాన్ ఊపిరి లోపలికి పీల్చి బిగబట్టినప్పుడు మాత్రమే తీశారేమో రిపోర్టులో చూసుకోండి. అలా అయితే రెండో రకం చిత్రాల గురించి మీ డాక్టర్‌ను అడగండి. అయితే ముదిరిన దశలో ఈ రెండు జబ్బులూ స్కాన్‌లో అచ్చం ఒకేలా కనిపించే సందర్భాలున్నాయి. అప్పుడు ఏం పీల్చారన్నదే కీలకమవుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడకు అప్పటికే ఐపీఎఫ్ అని చెప్పారు. పక్షులు లేవు, బూజు లేదు, ఎప్పుడూ పొగ తాగలేదు. ‘పక్షులున్నాయా?’ అని మళ్లీ అడగకుండా, దగ్గు మొదలవడానికి ముందు ఏడాదిలో ఇంట్లో, పనిలో, పడకగదిలో ఏం మారిందని అడిగాను. ఆవిడకు ఏమీ తట్టలేదు. అప్పుడు కూతురు గుర్తుచేసింది, ఆ ముందు చలికాలంలోనే కొత్త దుప్పటి, దిండ్లు బహుమతిగా వచ్చాయని. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. కుట్టు విప్పి చూస్తే ఈకలు. రోజుకు ఏడెనిమిది గంటలు ముఖానికి ఆనుకుని ఉన్నవి అవే. పక్షుల ప్రొటీన్లకు రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. బ్రాంకోస్కోపీతో ఊపిరితిత్తుల్లోకి సెలైన్ పంపి, తిరిగి తీసి పరీక్షిస్తే ఆ ద్రవంలోని కణాల్లో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు 40 శాతం ఉన్నాయి. ఆ దుప్పటి, దిండ్లను ఇంట్లో నుంచి తీసేసి, చికిత్స మొదలుపెట్టాక ఆవిడ ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గడం ఆగింది, కొద్దిగా పెరిగింది కూడా. పాత మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి. అవి పోవు.

మీరూ అలాగే దగ్గు మొదలైన నెల నుంచి వెనక్కి వెళ్లండి. దిండ్లు, దుప్పట్లు, జాకెట్లు, సోఫా కుషన్ల లోపల ఏముంది? గాలిలో తేమ పెంచే పరికరం, కూలర్, నిద్రలో వాడే సీప్యాప్ యంత్రం నీళ్లగది ఎన్నాళ్లుగా శుభ్రం చేయలేదు? అల్మారా వెనక గోడ తడిగా ఉందా? కిటికీ దగ్గర, ఏసీ బయటి పెట్టె మీద పక్షులు గూడు కట్టాయా? తరచూ వెళ్లే బంధువుల ఇంట్లో పక్షులున్నాయా? ఎండుగడ్డి, కంపోస్టు, పుట్టగొడుగులు, లోహాలు కోసే యంత్రాల ద్రవాలు, స్ప్రే పెయింట్ ఉన్న చోట మీరు గానీ, మీ ఇంట్లోవాళ్లు గానీ పనిచేస్తున్నారా? ఊదే వాయిద్యం లోపల కూడా బూజు పెరుగుతుంది, అలాంటిది వాయిస్తుంటే అదీ చెప్పండి.

కొన్ని వారాలు వేరే ఊళ్లో ఉంటే దగ్గు, ఆయాసం తగ్గాయా అన్నది మంచి ఆధారమే. కానీ తగ్గలేదని దీన్ని కొట్టిపారేయకండి. మచ్చ ఏర్పడ్డాక చోటు మారినా తేడా తెలియకపోవచ్చు. పీల్చిన 4 నుంచి 8 గంటల్లో జ్వరం, చలి, దగ్గు రావడం కొత్తగా వచ్చిన జబ్బులో కనిపించే లక్షణం. నెమ్మదిగా ముదిరిన దాంట్లో అది ఉండకపోవచ్చు.

రక్తపరీక్షను నమ్మడానికీ హద్దుంది. పాజిటివ్ అంటే ఆ పదార్థం మీ శరీరానికి పరిచయమైందనే అర్థం. జబ్బేమీ లేని పావురాల పెంపకందారుల్లోనూ అది పాజిటివ్ రావచ్చు. నెగెటివ్ వస్తే జబ్బు లేదనీ కాదు, మిమ్మల్ని దెబ్బతీస్తున్నది ఆ పరీక్షలో లేకపోవచ్చు. ఊపిరితిత్తుల నుంచి తీసిన ద్రవంలో లింఫోసైట్లు 30 శాతం దాటితే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ వైపు మొగ్గు పెరుగుతుంది. మచ్చలు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఈ సంఖ్య తక్కువగానే ఉండొచ్చు. కీళ్లవాతం లాంటి ఆటో ఇమ్యూన్ జబ్బులు, గుండె లయకు వాడే అమియోడరోన్ లాంటి మందులు కూడా ఊపిరితిత్తులను గట్టిపరచగలవు, అవి కారణం కాదని కూడా తేల్చుకోవాలి. ఇంత చేసినా ఎంతోమందిలో కారణం దొరకదు. అందుకే ఊపిరితిత్తుల నిపుణుడు, రేడియాలజిస్టు కలిసి కూర్చుని, అవసరమైతే పాథాలజిస్టును కూడా పిలిచి నిర్ణయించడం మంచిది.

ఇక స్టెరాయిడ్లు. ఐపీఎఫ్ రోగులకు ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్‌ను అజథయోప్రిన్, ఎన్-అసిటైల్ సిస్టీన్‌లతో కలిపి ఇచ్చిన ఒక క్లినికల్ ట్రయల్‌లో మరణాలు, ఆసుపత్రి చేరికలు పెరిగాయని 2012లో తేలింది. అందుకే జబ్బు ఏదో తేలకుండా ‘వాడి చూద్దాం’ అనే పద్ధతి నాకు సమ్మతం కాదు. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్‌లో ఇంకా వాపు ఉన్నప్పుడు స్టెరాయిడ్లు మేలు చేయగలవు. మచ్చ ముదురుతూ ఉంటే నింటెడానిబ్ వాడతారు. కానీ కారణం అక్కడే ఉంటే ఏ మందైనా సగం పనే చేస్తుంది. మీరు ఇప్పటికే స్టెరాయిడ్లు మొదలుపెట్టి ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకోవాలి.

ఈకల వస్తువు దొరికితే దులపకండి. మీరు కాకుండా మరొకరు మాస్కు పెట్టుకుని దాన్ని సంచిలో మూటగట్టి బయటకు పంపాలి. పక్షుల ప్రొటీన్ నెలల తరబడి దుమ్ములో మిగిలిపోతుంది కాబట్టి పరుపు, తెరలు, తివాచీ కూడా శుభ్రం చేయించాలి, నేలను తడిగుడ్డతో తుడిపించాలి. ఆ తర్వాత మూడు నెలలకు ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష మళ్లీ చేయించి, ఇప్పటి రిపోర్టుతో పోల్చిచూడమని మీ డాక్టర్‌ను అడగండి. ఈలోగా ఆయాసం ఉన్నట్టుండి ఎక్కువైనా, పెదవులు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.