ఎడిటర్ దిద్దిన తప్పు వచ్చే నెల మళ్లీ రాకుండా

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. బీఏ అయింది. వరి సాగు బులెటిన్‌ను ప్రతి నెలా ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి చేసే పని ఒక ఏజెన్సీ ఇచ్చింది, రెండేళ్లు ఉంటుంది. ట్రాన్స్‌లేషన్ మెమరీ, టర్మ్ బేస్ పెట్టుకోమన్నారు. ఎలా మొదలుపెట్టాలి సర్? నా తెలుగులో ఒడియా మాటలు దొర్లుతాయని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఏజెన్సీ ఫలానా టూలే వాడాలని చెప్పకపోతే OmegaT తో మొదలుపెట్టండి. అది ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. నెలకో కొత్త ప్రాజెక్ట్ తెరవకండి. రెండేళ్లకూ ఒకటే పెట్టుకుని, వచ్చిన బులెటిన్‌ను source ఫోల్డర్‌లో వేస్తూ పోండి. మీరు చేసిన ప్రతి వాక్యం project_save.tmx అనే ఫైలులో చేరుతుంది. పాత బులెటిన్‌ను తీసేసినా దాని వాక్యాలు అందులోనే ఉంటాయి. చేసిన అనువాదాలను గుర్తుపెట్టుకుని మళ్లీ చూపించే మీ మెమరీ అదే కాబట్టి నెలనెలా దాని కాపీ ఒకటి వేరే చోట దాచండి.

ఏ ఇంగ్లిష్ మాటకు ఏ తెలుగు మాట రాయాలో చెప్పే టర్మ్ బేస్‌ను, అంటే గ్లాసరీని, మాత్రం అనువాదం మొదలుపెట్టక ముందే తయారు చేయాలి. పాత బులెటిన్లు రెండు మూడు తీసుకుని, ఇద్దరు అనువాదకులు రెండు రకాలుగా రాసే అవకాశమున్న మాటలనే ఏరండి. ‘నీరు’, ‘పొలం’ లాంటివి అక్కర్లేదు. మొదట 50 మాటలుంటే చాలు. glossary ఫోల్డర్‌లో UTF-8 టెక్స్ట్ ఫైలుగా, వరుసకో మాట చొప్పున, మధ్యలో ట్యాబ్ కొట్టి రాయాలి:

```
sheath blight	పాముపొడ తెగులు	పొట్టకుళ్లు కాదు
sheath rot	పొట్టకుళ్లు తెగులు	
neck blast	మెడవిరుపు	అగ్గితెగులే, కంకి మెడ దగ్గర
seed	విత్తనం	బిహన అని రాయొద్దు
```

మూడో గడిని ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ. మీకు మాత్రం అసలు పని అక్కడే ఉంది. అలవాటుగా వచ్చే ఒడియా మాట ఏదైనా రాయబోయి ఆగారంటే, వెంటనే దాన్ని ఆ గడిలో వేయండి. ఇంగ్లిష్ వాక్యంలో ఆ పదం వచ్చినప్పుడల్లా మీ హెచ్చరిక తెర మీద పక్కనే కనిపిస్తుంది. ఆరు నెలలు గడిచేసరికి దాన్ని చూడాల్సిన అవసరం తగ్గుతుంది.

తెలుగుతో ఒక చిక్కుంది. గ్లాసరీలో ‘తెగులు’ అని పెడతాం, వాక్యంలో ‘తెగుళ్లు’ అని రాస్తాం. పదాలు సరిచూసే టూల్స్‌కు ఇవి రెండూ ఒకటేనని తెలియక తప్పని చూపించవచ్చు. ఆ హెచ్చరికను పోగొట్టడానికి వాక్యాన్ని వంకర చేయకండి. కళ్లతో చూసి, సరిగా ఉంటే వదిలేయండి.

ఇక నేను నష్టపోయిన చోటు చెబుతాను. కౌన్సెలింగ్‌కు రాకముందు ఇలాంటి బులెటిన్లే చేసేవాణ్ని. పైన మొదటి వరుసలో ఉన్న పాముపొడను ఒక నెల ‘పొట్టకుళ్లు’ అని రాశాను. అవి రెండు వేర్వేరు తెగుళ్లు. ఎడిటర్ వర్డ్ ఫైలులో దిద్ది అచ్చుకు పంపేశారు. ఆ దిద్దుబాటు నా మెమరీలోకి రాలేదు. మర్నెల అదే ఇంగ్లిష్ వాక్యం వచ్చింది, టూల్ పాత తప్పునే నూరు శాతం మ్యాచ్‌గా పెట్టింది, నేను చూడకుండా ముందుకు పోయాను. మూడో నెల కూడా అంతే. ఎడిటర్‌కు నా మీద నమ్మకం పోయింది, పని పోయింది.

కాబట్టి ఫైలు పంపడంతో ఆ నెల పని అయిపోయిందనుకోకండి. దిద్దిన ఫైలు అడిగి తెప్పించుకోండి. ప్రాజెక్ట్ తెరిచి, మార్చిన ప్రతి వాక్యాన్నీ దాని గడిలో తిరిగి రాయండి. పదం మారితే గ్లాసరీలోనూ మార్చండి. పాత అనువాదాలున్న టీఎంఎక్స్ ఫైలు ఏజెన్సీ ఇస్తే, వాటిని ఎవరు సరిచూశారో తెలియనంతవరకు ప్రాజెక్ట్‌లోని tm ఫోల్డర్ లోపల penalty-20 అనే ఫోల్డర్ చేసి అందులో వేయండి. వాటి మ్యాచ్ 20 శాతం తగ్గి కనిపిస్తుంది. నూరు శాతమని మోసపోరు.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పోయిన నెల ‘పిలకలు వేసే దశలో ఎకరాకు 35 కిలోల యూరియా’ అని ఉండి, ఈ నెల ‘అంకురం దశలో ఎకరాకు 25 కిలోలు’ అని వస్తే, మిగతా వాక్యమంతా ఒకటే కాబట్టి టూల్ దగ్గరి మ్యాచ్ చూపిస్తుంది. అంకె దిద్ది దశ పేరు మరిచిపోవడం మామూలుగా జరిగే తప్పు. ఇలాంటి వాక్యాల్లో ముందు అంకె, తర్వాత కొలత, ఆపైన దశ, ఈ వరుసలో ఇంగ్లిష్‌తో పోల్చండి.

దీనికి టైమ్ పడుతుంది. చాలా ఏజెన్సీలు మ్యాచ్ వచ్చిన వాక్యాలకు రేటు తగ్గిస్తాయి. నూరు శాతం మ్యాచ్‌ను మీరు చదివి సరిచూడాలా, చదివితే ఎంతిస్తారు, రెండేళ్ల తర్వాత మెమరీ ఎవరిది అన్న మూడు సంగతులూ మొదటి ఫైలు మొదలుపెట్టక ముందే మెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి.