2016 నాటి లేఖ మీద జీఎస్టీ నంబరు

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఎనిమిది నెలల కిందట చేరిన ఒక ఉద్యోగి ఎక్స్‌పీరియన్స్ లెటర్‌ను ‘ధ్రువీకరించలేకపోయాం’ అని వెరిఫికేషన్ ఏజెన్సీ ఇప్పుడు రిపోర్టు ఇచ్చింది. ఆ పాత కంపెనీ మూతపడింది. ఇతన్ని నమ్మి తీసుకున్నది నేనే. నాకు నిద్ర పట్టడం లేదు. రాజీనామా రాయించుకుని పంపేసి, హెచ్‌ఆర్‌ల వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టమని మా ఎండీగారు అంటున్నారు. లేఖ నకిలీదని ఎలా తేల్చాలి? కాపీలు జతచేశాను.
– ఒక హెచ్‌ఆర్ మేనేజర్

జవాబు: మూతపడిన కంపెనీ తరఫున ఎవరూ బదులివ్వకపోవడం మామూలే. ‘ధ్రువీకరించలేకపోయాం’ అన్న ఒక్క మాట మీద ఏ కోర్టూ ఫోర్జరీ జరిగిందని నమ్మదు. లేఖ మీద వేసిన తేదీ నాటికి ఉండే వీలే లేనిది ఏదైనా అందులో ఉందా అన్నదే మీ కేసును తేలుస్తుంది. మీరు పంపిన కాపీల్లో అలాంటివి రెండు కనిపించాయి.

లేఖ తేదీ 30 జూన్ 2016. అడుగున చిరునామా పక్కనే 36తో మొదలయ్యే పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు ముద్రించి ఉంది. 36 తెలంగాణ కోడే కాబట్టి మొదటి చూపులో అంతా సవ్యంగానే అనిపిస్తుంది. కానీ జీఎస్టీ అమల్లోకి వచ్చింది 1 జూలై 2017న. ఇక జతచేసిన ఏప్రిల్ 2014 పే స్లిప్‌లో బేసిక్ 21,000 రూపాయలు, పీఎఫ్ కోత 1,800. పీఎఫ్ వేతన పరిమితి 6,500 నుంచి 15,000కు పెరిగింది 1 సెప్టెంబరు 2014 నుంచి మాత్రమే. కోత 12 శాతం కాబట్టి, ఏప్రిల్‌లో పరిమితి మేరకు కోసి ఉంటే 780, పూర్తి బేసిక్ మీద కోసి ఉంటే 2,520 ఉండాలి. 1,800 ఈ రెంటిలో దేనికీ పొసగదు, తర్వాత వచ్చిన 15,000 పరిమితికే సరిపోతుంది. ఇటీవలి నమూనాను ముందు పెట్టుకుని పాత తేదీ వేసినవారు చేసే పొరపాటు ఇది.

అయినా తొందరపడవద్దు. పాత లేఖ పోయిందని అడిగితే కంపెనీ తర్వాతెప్పుడో కొత్త లెటర్‌హెడ్ మీద పాత తేదీతోనే నకలు ఇచ్చి ఉండవచ్చు. ఆ వివరణకు అతనికి అవకాశం ఇవ్వాలి. అందుకే లేఖకు బయట ఉన్న ఆధారం కావాలి. అతని పీఎఫ్ యూఏఎన్ ఖాతాలోని సర్వీస్ హిస్టరీని, ఆ ఏళ్ల పన్ను కోతలు చూపే ఫారం 26ఏఎస్‌ను లిఖితపూర్వక సమ్మతితో అతని చేతనే మీ ఎదుట తెరిపించి డౌన్‌లోడ్ చేయించండి. పాస్‌వర్డు, ఓటీపీ మాత్రం అడగకండి. పీఎఫ్ ఖాతా లేనంత మాత్రాన ఉద్యోగం చేయలేదని చెప్పలేం. ఎక్కువ జీతంతో మొదటిసారి చేరినవారికి మినహాయింపు ఉంటుంది. అయితే కోత కోసినట్టు పే స్లిప్ చూపుతుండగా, ఆ కంపెనీ పేరే సర్వీస్ హిస్టరీలో లేకపోతే దానికి జవాబు చెప్పడం అతనికి కష్టం. లేఖ మీది ఫోన్ నంబరుకు మాత్రం చేయకండి, లేఖ తయారుచేసినవారే అవతల ఎత్తవచ్చు. కంపెనీ వ్యవహారాల శాఖ రికార్డుల్లో పాత డైరెక్టర్ల పేర్లు దొరుకుతాయి, వారికి స్పీడ్ పోస్టులో రాయండి.

ఇక మీ నిర్లక్ష్యం సంగతి. చేరకముందే రావలసిన రిపోర్టు ఎనిమిది నెలలకు రావడం మీ తప్పే. నకిలీ లేఖను తయారుచేసింది అతనేనని మీరు రుజువు చేయలేకపోవచ్చు. నకిలీదని తెలిసీ అసలుదిగా వాడాడని చూపగలిగితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 340(2) చాలు. దానికి లేఖ అతని దగ్గర నుంచే వచ్చినట్టు రుజువు ఉండాలి. అతను పంపిన ఈమెయిల్‌ను అటాచ్‌మెంటుతో సహా చెరపకుండా ఉంచి, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) ప్రకారం ధ్రువపత్రం సిద్ధం చేయించండి. ప్రింటవుట్ ఒక్కటే చాలదు.

కాలపరిమితి గురించి: మోసం కోసం చేసిన ఫోర్జరీకి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది కాబట్టి క్రిమినల్ ఫిర్యాదుకు గడువు అడ్డురాదు. కానీ విషయం తెలిశాక కూడా ఇంక్రిమెంటు ఇచ్చి, కన్ఫర్మేషన్ లెటర్ చేతిలో పెడితే, తెలిసే క్షమించారని అతని వకీలు వాదిస్తాడు.

మీ ఎండీగారు చెప్పిన దారిలో మాత్రం వెళ్లకండి. గదిలో కూర్చోబెట్టి రాయించుకున్న రాజీనామాను బలవంతం చేశారని రేపు సవాలు చేస్తాడు; పైగా దాన్ని ఆమోదించి మీరిచ్చే రిలీవింగ్ లెటరే అతనికి మరో అనుభవ పత్రమవుతుంది. గ్రూపులో పేరు పెడితే నేరం రుజువు కాకముందే పరువు నష్టం దావాకు మీరే ప్రతివాదులు అవుతారు.

ఈ వారంలోనే షోకాజ్ నోటీసు ఇవ్వండి. అందులో ‘ఫోర్జరీ’ అన్న మాట రాయకండి. జీఎస్టీ నంబరు, 1,800 అంకె, సర్వీస్ హిస్టరీ, ఈ మూడింటిని వరుసగా పెట్టి, లేఖ ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎలా పొందాడో ఏడు రోజుల్లో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. దుష్ప్రవర్తనపై విచారణ జరిపి, సాక్ష్యం నమోదు చేశాకే తొలగింపు ఉత్తర్వు ఇవ్వాలి. నోటీసు స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ పంపి, అందినట్టు రుజువు దాచుకోండి.