నల్లగొండ గుట్టలా, కార్స్ట్ గుట్టలా?

ప్రశ్న: ఫొటోలో నిటారు గుట్టలు, గుహ, గుండ్రటి గుంట ఉన్నాయి. ఇది కార్స్టేనా? మా నల్లగొండ గుట్టలూ ఇట్లనే ఉంటాయి కదా?

కార్స్ట్ అంటే సున్నపురాయి వంటి రాయి నీళ్లకు కరిగి ఏర్పడిన నేల. ముందు గుంటను చూడండి. మన కుంటకు కట్ట, అలుగు ఉంటాయి. నిండితే నీళ్లు అలుగు పారతాయి. కార్స్ట్ గుంటకు బయటికి దారే ఉండదు. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కాస్త ఆమ్లమై, సున్నపురాయిని పగుళ్ల వెంట కరిగించుకుంటూ అడుగుకు దిగిపోతుంది. గుహలు ఏర్పడేదీ అట్లనే. లోపల పైకప్పు నుంచి సున్నపు ఊడలు వేలాడతాయి.

నల్లగొండ పట్టణం గుట్టలు గ్రానైట్‌వి. అది అట్లా కరగదు, గుండ్లుగా విడిపోతుంది. అక్కడి గుహలు చాలావరకు గుండ్ల నడుమ సందులే. హుజూర్‌నగర్ దిక్కు సున్నపురాయి ఉన్నా, చైనాలోని గుయిలిన్‌లో ఉన్నట్టు నిటారు గుట్టలు కనబడవు. కాబట్టి గుట్ట ఆకారం ఒక్కటే చూసి కార్స్ట్ అనకండి.