వీసా కోసం 20 లక్షలు అద్దెకు తేవాలా?

ప్రశ్న: సార్, మాది శ్రీనివాసపురం, ముప్పై ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఎలక్ట్రికల్ షాపు. మా అబ్బాయికి 26. బీఈ సివిల్ చేసి మూడేళ్లుగా అపార్ట్‌మెంట్లకు మురుగునీటిని శుద్ధి చేసే ఎస్‌టీపీలు కట్టే కంపెనీలో 45 వేల జీతానికి పనిచేస్తున్నాడు. కెనడాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో 16 నెలల మాస్టర్స్‌కి సీటు వచ్చింది. ఫీజు మొదటి ఏడాది 32 వేల డాలర్లు, మిగతా నాలుగు నెలలకు 10,600. బ్యాంకు 30 లక్షల లోన్ ఇస్తానంది. ఊళ్లో సైటు అమ్మితే 12 లక్షలు అకౌంట్లోకి, 6 లక్షలు క్యాష్‌గా వచ్చాయి. నా ఎఫ్‌డీ నాలుగున్నర, వాడి సేవింగ్స్ 5 లక్షలు. ఇది చాలదు, ఇంకో 20 లక్షలు నాలుగు నెలలు మీ అకౌంట్లో పెట్టిస్తా, 60 వేలు ఇవ్వండి, వీసా అప్లికేషన్‌తో పెట్టే లెటర్ కూడా నేనే రాస్తానంటున్నాడు కన్సల్టెంట్. మా అబ్బాయేమో అక్కడ రెండేళ్లు పనిచేసి వస్తానంటాడు. లెటర్లో మాత్రం చదువు కాగానే వచ్చేస్తానని రాయాలట. ఏం చేయమంటారు?

జవాబు: ఆ 20 లక్షలు వద్దు. తప్పన్న సంగతి తర్వాత చెప్తాను, అసలు మీకు అవసరమే లేదు.

లెక్క చూడండి. కెనడా డాలరు 65 రూపాయలు అనుకుందాం. మొదటి ఏడాది ఫీజు 20.8 లక్షలు. బతకడానికి చూపించాల్సిన మొత్తాన్ని కెనడా ప్రభుత్వమే ప్రకటిస్తుంది. క్యూబెక్ తప్ప మిగతా చోట్ల ఒంటరిగా వెళ్లే విద్యార్థికి 2025 సెప్టెంబర్ 1 నుంచి అది 22,895 డాలర్లు, అంటే దాదాపు 14.9 లక్షలు. ఈ అంకె మారుతుంటుంది కాబట్టి అప్లై చేసే రోజున ఒకసారి చూసుకోండి. టికెట్టు, చిల్లర ఖర్చులకు లక్ష. మొత్తం 36.7 లక్షలు. రూల్ ప్రకారం చూపించాల్సింది ఈ మొదటి ఏడాదికే. అయితే కోర్సు 16 నెలలు కాబట్టి మిగతా నాలుగు నెలల సంగతేమిటని ఆఫీసరుకు అనుమానం రావడం సహజం. దానికి ఫీజు, తిండి కలిపి ఇంకో 12 లక్షలు వేసుకుంటే 48.7 లక్షలు.

మీ దగ్గర క్యాష్ వదిలేస్తే 51.5 లక్షలున్నాయి. సైటు మీద పన్నుకు 2 లక్షలు పక్కన పెట్టినా 49.5 మిగులుతుంది. మొదటి ఏడాదికి ధారాళంగా, కోర్సు మొత్తానికి సరిగ్గా సరిపోతుంది. మీ కన్సల్టెంట్ ఈ కూడికే చేసి చూపించి ఉంటే 60 వేలు అడగడానికి నోరు వచ్చేది కాదు.

ఇక తప్పు సంగతి. బ్యాంకు స్టేట్‌మెంటు నాలుగు నెలలది ఇస్తాం. మీ షాపు అకౌంటు రోజూ 8 వేలు, 12 వేలు జమలతో నడుస్తూ ఉంటుంది. అందులో ఒక రోజు ఎవరో తెలియని పేరు నుంచి 20 లక్షలు పడితే, పేజీ తిప్పేవాడి కన్ను ముందు ఆగేది అక్కడే. మీ ఐటీ రిటర్నులు పక్కనే ఉంటాయి. ఇది ఎక్కడిదని లెటర్లో రాయకపోతే దాచినట్టు, మాదేనని రాస్తే అబద్ధం. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే ఈ ఒక్క వీసా పోవడంతో ఆగదు, ఐదేళ్లు కెనడాలో అడుగుపెట్టకుండా నిషేధం పడుతుంది. అది పడేది కన్సల్టెంట్ మీద కాదు, మీ అబ్బాయి మీద.

సైటు డబ్బుకు మాత్రం లెటర్లో తప్పకుండా చోటివ్వాలి. అదీ హఠాత్తుగా పడిన పెద్ద మొత్తమే. తేడా ఏమిటంటే దీనికి కాగితం ఉంది. సేల్ డీడ్, సైటు మీ పేరున ఉన్నట్టు పాత పత్రం, 12 లక్షలు జమైన స్టేట్‌మెంటు పేజీ. తేదీలు, అంకెలు మూడింటిలోనూ ఒకటే ఉండాలి. డీడ్ కన్నడలో ఉంటుంది కాబట్టి సర్టిఫైడ్ ఇంగ్లీషు అనువాదం జతచేయండి.

ఆ 6 లక్షల క్యాష్ ఈ లెక్కలోకి రాదు. ప్రభుత్వం కట్టిన గైడెన్స్ వాల్యూకి రిజిస్టరు చేసి మిగతాది చేతికిచ్చే అలవాటు మన దగ్గర ఎంత మామూలో నాకు తెలుసు. అయినా స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీగా పడొచ్చు. వీసా కోసమని దాన్ని బ్యాంకులో వేయకండి. డీడులో లేని డబ్బుకు లెటర్లో ఏ కారణం రాసినా అతకదు. ఆడిటరుతో కూర్చుని, 18 లక్షలకు అమ్మినట్టే లెక్కగట్టి పన్ను ఎంతో తేల్చుకోండి. నేను 2 లక్షలు పక్కన పెట్టమన్నది అందుకే.

లోన్ గురించి ఒక్క మాట. మీ చేతిలో ఉన్న కాగితం మీద ‘ఇన్-ప్రిన్సిపల్’ అని ఉందేమో చూడండి. ఉంటే అది ఇంకా మంజూరు కాదు. తుది శాంక్షన్ లెటరు తీసుకోండి. అందులో విద్యార్థి పేరు, కోర్సు, ఫీజుకు ఎంత, జీవన ఖర్చుకు ఎంత అని విడిగా ఉంటే మంచిది. ఫీజు లోన్ నుంచి కట్టి, మీ సొంత డబ్బుతో 22,895 డాలర్ల జీఐసీ తీసుకోమంటాను. కెనడా బ్యాంకులో ముందే డబ్బు వేస్తే, అబ్బాయి అక్కడికి వెళ్లాక వాయిదాల్లో అతనికే తిరిగి ఇచ్చే డిపాజిట్ అది. 2024 నవంబరులో ఎస్‌డీఎస్ అనే ఫాస్ట్ దారి మూసేశాక ఇది తప్పనిసరి కాదు. కానీ ‘ఖర్చుకు డబ్బుంది’ అనడానికి ఇంతకన్నా సూటి రుజువు లేదు.

ఇప్పుడు లెటర్. అబ్బాయినే రాయమనండి, ముందు తెలుగులోనే. మాటలు కుదిరాక ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు. ఒకటిన్నర పేజీ చాలు. పోయినేడు నా దగ్గరికి ఒకమ్మాయి రిజెక్టయిన ఫైలు తెచ్చింది. కన్సల్టెంట్ రాసిన లెటర్లో మొదటి పేజీలో ఆమె వెళ్లాల్సిన ఊరు, రెండో పేజీలో ఇంకెవరిదో ఊరు. పేరు మార్చి అతికించే లెటర్లలో ఇలాంటివి మిగిలిపోతాయి. ‘ప్రపంచ స్థాయి విద్య, బహుళ సంస్కృతుల దేశం’ అంటూ ఆమె లెటరు మొదలైంది. ఆ వాక్యం ఎవరికైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ పనికిరాదు.

మీవాడికి చెప్పుకోవడానికి అసలైన కథే ఉంది. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కె.సి.వ్యాలీ పథకం కింద 2018 నుంచి మీ కోలారు జిల్లా చెరువులకే పంపుతున్నారు. ఆ నీరు రెండో దశ శుద్ధి వరకే జరిగినది, మూడో దశ కూడా చేయాలన్న వాదన అప్పటి నుంచీ ఉంది. అబ్బాయి మూడేళ్లుగా కడుతున్న ఎస్‌టీపీల్లో ఏ దశ వరకు పని చేశాడు, ఎక్కడ తనకు తెలియక సీనియర్‌ని అడగాల్సి వచ్చింది, ఈ మాస్టర్స్‌లో ఏ రెండు సబ్జెక్టులు ఆ లోటు తీరుస్తాయి. ఈ మూడూ సిలబస్ ముందు పెట్టుకుని రాస్తే కోర్సు ఎందుకన్నది తేలిపోతుంది.

‘ఇక్కడే ఎం.టెక్ చేయొచ్చుగా, ఐదో వంతు ఖర్చు కూడా కాదుగా’ అన్న ప్రశ్న ఆఫీసరు తప్పక వేసుకుంటాడు. గేట్ రాసి ర్యాంకు రాకపోయి ఉంటే ఆ సంగతే రాయమనండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ‘భారతదేశంలో చదువు బాగోదు’ అని మాత్రం వద్దు. ఐఐఎస్‌సీ ఉన్న ఊళ్లో కూర్చుని ఆ మాట రాస్తే నవ్వులాటగా ఉంటుంది.

తిరిగి రావడం గురించి అబద్ధం ఆడక్కర్లేదు. చదువు కోసం వెళ్లేవాడికి మరో ఆలోచన ఉండకూడదని కెనడా చట్టం అనదు. అనుమతి గడువు తీరేసరికి దేశం విడిచి వెళ్తాడన్న నమ్మకం ఆఫీసరుకు కలగాలంటుంది, అంతే. చదువయ్యాక అర్హతను బట్టి వర్క్ పర్మిట్ ఇచ్చేది వాళ్లే. కాబట్టి ‘అక్కడ పనిచేయను’ అని రాయొద్దు. ‘అర్హత ఉంటే వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేయొచ్చు, వచ్చినా రాకపోయినా గడువులోగా బయల్దేరతాను’ అని ఒక్క వాక్యం రాసి, మిగతా పేరా అంతా బెంగళూరు మీద పెట్టమనండి.

ఆ పేరాకు ప్రాణం లోన్ లెక్కే. చాలామంది ఇది వదిలేస్తారు. 30 లక్షలు, 10 శాతం వడ్డీ, 12 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 36 వేలు. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీని మీరు నెలనెలా కడుతూ పోతేనే ఈ అంకె. ఇప్పటి 45 వేల జీతంతో అయ్యే పని కాదు. వాళ్ల ఆఫీసులోనే మాస్టర్స్ చేసిన డిజైన్ ఇంజినీరుకు ఎంతిస్తున్నారో కనుక్కోమనండి. 80 వేలైతే ఈఎంఐ పోను 44 వేలు మిగులుతుంది, ఇంట్లోనే ఉంటాడు కాబట్టి గడుస్తుంది. అదే రాయాలి. 55 వేలే అయితే లెటర్ సంగతి పక్కన పెట్టి, ఇంత అప్పు చేయాలా అని మీరిద్దరూ మళ్లీ కూర్చోవాలి. కెనడా జీతం వస్తేనే తీరే అప్పుతో ‘తిరిగి వస్తాను’ అంటే ఆఫీసరే కాదు, నేనూ నమ్మను.

డబ్బు పేరా ఇలా ఉంటే చాలు: “కోర్సు మొత్తానికి నాకయ్యే ఖర్చు సుమారు 48.7 లక్షల రూపాయలు. ఇందులో 30 లక్షలు విద్యా రుణం, శాంక్షన్ లెటర్ జతచేశాను. మా నాన్నగారు శ్రీనివాసపురంలోని తన సైటు అమ్మగా ఫలానా తేదీన 12 లక్షలు ఆయన ఖాతాలో జమయ్యాయి. సేల్ డీడ్, స్టేట్‌మెంటు జతచేశాను. ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ 4.5 లక్షలు, నా జీతం నుంచి దాచినది 5 లక్షలు. సైటు అమ్మకంపై పన్నుకు 2 లక్షలు పక్కన ఉంచాం. కెనడాలో చేసే పార్ట్‌టైమ్ పని మీద ఈ ప్రణాళిక ఆధారపడలేదు.” ప్రతి వాక్యానికీ వెనక ఒక కాగితం ఉంది చూశారా. విశేషణం ఒక్కటీ లేదు.

ఇంకొకటి. డబ్బు తీసుకుని కెనడా వీసా ఫైలు నడిపే కన్సల్టెంటుకు అక్కడి కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ లైసెన్సు ఉండాలి, లేదా అక్కడి లాయరై ఉండాలి. మీ కన్సల్టెంటును లైసెన్సు నంబరు అడగండి, ఆ సంస్థ వెబ్‌సైట్లో పేరు వెతికితే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. నంబరు చెప్పకుండా మాట దాటేస్తే అబ్బాయినే సొంతంగా అకౌంటు తెరిచి అప్లై చేయమనండి. ఫీజు 150 డాలర్లు, వేలిముద్రలకు 85. రెండూ కలిపి 15 వేల పైచిలుకు.