ముఖంలో కెమెరా తప్పెంత, మనిషి సొంతమెంత

చిరంజీవులకు ఆశీస్సులు.

గత ఆదివారం మన ఫోటో క్లబ్బులో మీ పోర్ట్రెయిట్ల మీద ప్రసంగించమని నన్ను పిలిచారు. గొంతు పట్టేసి పది నిమిషాలకు మించి మాట్లాడలేకపోయాను కనుక, మిగిలిపోయిన మాటలను ఈ ఉత్తరంలో రాస్తున్నాను. ప్రదర్శనకు ప్రింట్లు వేయించే ముందు అందరూ ఒకసారి చదవండి.

మీరు పెట్టిన ఫోటోలలో హాస్టల్ మెస్‌లో వంట చేసే అమ్మ ఫోటో దగ్గర నేను చాలాసేపు ఆగాను. కూర్చోబెట్టిన తీరు, చేతిలోని గరిటె, కళ్లలోని అలసట అన్నీ బాగా కుదిరాయి. కానీ ఆమె ముఖం గోధుమరంగులో, మెడ చామనఛాయలో, గరిటె పట్టుకున్న చెయ్యి ఇంకా ముదురు రంగులో ఉన్నాయి. ముఖాన్ని మాత్రమే ఎంచుకుని రంగు తేల్చారని ఆ మెడే చెబుతోంది. రీటచింగ్ జరిగిందో లేదో తెలుసుకోవాలంటే నేను ముఖం చూడను; చెవి తమ్మె, మెడ, వేళ్ల కణుపులు చూస్తాను. దిద్దేవాళ్ల చెయ్యి అక్కడిదాకా వెళ్లదు.

తీసిన అమ్మాయిని అడిగితే, "ఒరిజినల్‌లో ఆవిడ మరీ నల్లగా పడ్డారు సార్" అంది. అది నిజమే, అయితే ఆ నలుపు ఆవిడది కాదు. సున్నం వేసిన తెల్లగోడ ముందు ఆమెను కూర్చోబెట్టి, కెమెరాను ఆటో మోడ్‌లో ఉంచి తీశారు. ఎదురుగా ఉన్న దృశ్యమంతా కలిపి సగటున మధ్యస్థమైన బూడిదరంగు వెలుగులో ఉంటుందని కెమెరా లెక్క వేసుకుంటుంది. ఫ్రేములో ముప్పాతిక భాగం తెల్లగోడే అయినప్పుడు, అది ఆ గోడను బూడిదరంగుకు దించుతుంది, గోడతో పాటు మనిషినీ చీకట్లోకి దించుతుంది. ఇది కెమెరా చేసిన తప్పు, దీన్ని దిద్దడం మన పని.

దిద్దే పద్ధతి కూడా ఆ ఫోటోలోనే ఉంది. ముఖాన్ని చూస్తూ వెలుగు పెంచకండి, గోడను చూస్తూ పెంచండి. రా ఫైలు తెరిచి, సున్నపు గోడ మళ్లీ సున్నంలా కనిపించేవరకు, దాని గరుకుదనం మాత్రం పోకుండా, మొత్తం ఫోటో ఎక్స్‌పోజర్‌ను జరపండి. నేను చేసి చూస్తే ఒక స్టాపు, దానిపైన కొంచెం సరిపోయింది. అప్పుడు ముఖం, మెడ, చెయ్యి మూడూ కలిసే పైకి వచ్చాయి, ఆవిడ చామనఛాయ ఆవిడకు తిరిగి వచ్చింది. అక్కడితో రంగు పని ఆపేయాలి. గోడ లేని చోట ఏం చేయాలంటే, మొదటి ఫ్రేములో వాళ్ల చేతికి గ్రే కార్డు ఇచ్చి తీయండి. వెలుగును, వైట్ బ్యాలెన్స్‌ను ఆ కార్డు మీదే సరిచూసుకుంటే చెట్టునీడ పచ్చదనమో, రేకుల షెడ్డు నీలిఛాయో చర్మానికి అంటుకోదు.

మన ఛాయ గురించి ఈ రంగంలో పాత అన్యాయం ఒకటి ఉంది. ఫిల్ము రోజుల్లో లాబుల్లో ప్రింటు రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన నమూనా ఫోటోను షర్లీ కార్డు అనేవారు. దశాబ్దాల పాటు ఆ కార్డు మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ మాత్రమే. ఆమె చర్మం బాగా వస్తే ప్రింటు బాగున్నట్టు లెక్క. వేరువేరు ఛాయల స్త్రీలున్న కార్డు 1990లలో గాని రాలేదు. నల్లని చర్మంలోని నునుపు, మెరుపు ఫోటోలో సరిగా రాలేదంటే దానిలో పరికరం పాలు ఎంతో ఉందని మీకు తెలియాలనే ఇది రాశాను. ఇప్పుడు కొన్ని ఫోను కెమెరాల్లోని బ్యూటీ మోడ్ మనల్ని అడగకుండానే చర్మం నునుపు చేసి, రంగు తేలుస్తుంది. క్లబ్బు పనికి ఫోను వాడేవాళ్లు ముందు దాన్ని ఆపేయండి.

ఇక మచ్చల సంగతి. రెండు వారాల తర్వాత ఆ మనిషిని మళ్లీ చూస్తే ముఖం మీద ఉండనిది తీయవచ్చు, ఉండేదాన్ని ముట్టుకోకూడదు. మొటిమ, దోమకాటు, చెంపకు అంటిన పిండి, కంటికి అడ్డంపడిన వెంట్రుక మొదటి కోవలోకి వస్తాయి. పుట్టుమచ్చ, కాలిన గుర్తు, అమ్మవారు పోసిన మచ్చలు, బొల్లి, పచ్చబొట్టు, ముడతలు, వక్కాకు నమిలి ఎర్రబారిన పళ్లు రెండో కోవ. మొటిమ తీసేటప్పుడు అసలు లేయరు మీద చెయ్యి పెట్టకండి. ఖాళీ లేయరు వేసి, హీలింగ్ బ్రష్‌ను మొటిమ కన్నా కాస్త మాత్రమే పెద్దదిగా ఉంచి, `Sample` దగ్గర `Current & Below` ఎంచుకుని, పక్కనే అదే వెలుగు పడుతున్న చర్మం నుంచి నమూనా తీసుకోండి. వంద శాతం పెద్దది చేసి చూసినప్పుడు ఆ చోట చర్మరంధ్రాలు కనిపించకపోతే తప్పు చేసినట్టే. చర్మమంతటినీ బ్లర్‌తో నునుపు చేసే పద్ధతులను నేను క్లబ్బులో నేర్పను, అడగకండి.

ఈ నియమం నాకు నా తప్పే నేర్పింది. ఒక స్టూడియోలో నెగెటివ్ టచింగ్ చేసే రోజుల్లో, గరుకు కాగితం మీద సూదిలా చెక్కిన గట్టి పెన్సిల్‌తో, నెగెటివ్ వెనక దీపం పెట్టుకుని పనిచేసేవాళ్లం. ప్రింటులో నల్లగా వచ్చే మచ్చ నెగెటివ్‌లో ఖాళీ చుక్కగా ఉంటుంది, దాన్ని పెన్సిల్‌తో నింపితే మచ్చ మాయమవుతుంది. ఒకాయన చనిపోయిన తల్లి పాత ఫోటో తెచ్చి, గోడకు పెట్టుకునేంత పెద్దది చేసిమ్మన్నాడు. ఆ ఫోటోకు బూజు పట్టి ఉంది. కాపీ నెగెటివ్ తీసి బూజు చుక్కలన్నీ నింపాను, వాటితో పాటు పెదవి పక్కనున్న చుక్కనూ నింపాను. ఆయన ప్రింటును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పెదవి పక్కన వేలు పెట్టి, "ఇక్కడ మా అమ్మకు పుట్టుమచ్చ ఉండేదండీ" అన్నాడు. కోపం చేసుకోలేదు. పెన్సిల్ తుడిచి మళ్లీ ప్రింటు వేసిచ్చాను.

బూజుకూ పుట్టుమచ్చకూ తేడా అప్పుడు చూసి ఉండాల్సింది. బూజు ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది, చెంప దాటి చీర మీదికీ వెనక తెర మీదికీ పాకుతుంది. పుట్టుమచ్చ చర్మం దాటదు, ఉబ్బెత్తుగా ఉంటే వెలుగు వచ్చే వైపు చిన్న మెరుపు, అవతలి వైపు సన్నని నీడ ఉంటాయి. అంతకన్నా సులువు, ఇంట్లో ఇంకో ఫోటో ఉందా అని అడగడం.

ఫోటోలోని మనిషే తన మచ్చ తీసేయమంటే ఏం చేయాలని మీలో ఒకరు అడిగారు. ఆ ముఖం వారిది కాబట్టి, వారికిచ్చే కాపీలో తీసి ఇవ్వండి, ప్రదర్శనలో మాత్రం వారి అనుమతి లేకుండా ఏ కాపీనీ పెట్టకండి. అయితే "ఈ మచ్చ ఉంచమంటారా?" అని మీరుగా అడగవద్దు. ఆ ప్రశ్నే వారి మనసుకు తగులుతుంది. ప్రింటు చేతిలో పెట్టి ఊరుకోండి. వారు చూపిస్తే అప్పుడు మాట్లాడవచ్చు. రంగు తేల్చమంటే మాత్రం నేను ఒప్పుకోను. గోడనో గ్రే కార్డునో చూపించి, వెలుగు సరిచేశానని చెబుతాను, అంతే. పెళ్లి ఆల్బముల వాళ్లు అలా చెబితే బేరం పోతుందని నాకూ తెలుసు, కానీ మనం ఇక్కడ బేరానికి కూర్చోలేదు.

వచ్చే ఆదివారం ఒక్కొక్కరు రా ఫైలు, లేయర్లు కలిపేయని ఫైలు రెండూ పెన్‌డ్రైవ్‌లో తీసుకురండి. వంటమ్మ ఫోటోను గోడ ఆధారంగా దిద్దిన ప్రింటు నా దగ్గరుంది, దాన్ని తీసిన అమ్మాయే వెళ్లి ఆవిడ చేతికివ్వాలి.

మీ మాస్టారు