ఏడుస్తూ రాసింది వెంటనే దిద్దకు

చెల్లీ,

మీ నాన్నగారు చనిపోయిన వారానికే రాసిన కథ పంపావు. ఈ రాత్రికే దిద్ది పంపేస్తానన్నావు. వద్దమ్మా, కొన్నాళ్లు పక్కన పెట్టు.

ఇప్పుడు నువ్వు చదివితే కాగితం మీద ఉన్నది ఒక్కటే చదవవు. "ఆ రోజు ఆయన అన్న మాట ఇంకా వినిపిస్తోంది" అని రాశావు. ఆ మాటేమిటో కథలో ఎక్కడా లేదు. నీకు మాత్రం ఆ గొంతు వినిపిస్తుంది, కళ్లు చెమరుస్తాయి, వాక్యం బాగా కుదిరిందనుకుంటావు. పాఠకుడి దగ్గర ఆ జ్ఞాపకం లేదు కదా.

అయితే మూసేసే ముందు ఒక పని చెయ్యి. ఎవరు ఏమన్నారు, గదిలో ఏమున్నాయి, ఏది ముందు జరిగింది, ఇవన్నీ విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టుకో. రోజులు గడిస్తే బాధతో పాటు వివరాలూ మసకబారతాయి. ఆ తర్వాత కథ జోలికి వెళ్లకు. ఎన్నాళ్లంటే లెక్క చెప్పలేను. చిన్న కోపం మీద రాసిందైతే వారం చాలు. ఇలాంటిదానికి నెలలు పట్టొచ్చు. నీ వాక్యాలు ఇంకా కంఠతా వస్తున్నాయంటే టైమ్ కాలేదన్నమాట.

మళ్లీ తీసినప్పుడు అసలు ప్రతిని అలాగే ఉంచి, కాపీ మీద పని చెయ్యి. మొదటిసారి ఏమీ దిద్దకుండా పైకి చదువు. "భరించలేని దుఃఖం, చెప్పలేని శూన్యం, గుండె కోత" అని నువ్వు వరసగా పేర్చిన చోట గొంతు దానంతటదే వేగం పెంచుతుంది, గమనించు. ఆ మాటలు ఎవరి కథలోనైనా ఇమిడిపోతాయి. వాటి కిందే "ఆయన కళ్లజోడు తుడిచి మళ్లీ బల్ల మీదే పెట్టాను" అని ఉంది. అది నీది. పై మూడూ తీసేసి దాన్ని ఒక్కదాన్నే ఉంచి చూడు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది మీ అన్నయ్య పాత్రని. "రాయిలా నిలబడ్డాడు, వాడికి బాధే లేదు" అన్నావు. అది నీ తీర్పు. ఆ గంటలో అతను నిజంగా ఏం చేశాడో నీ కాగితంలో వెతుకు. బంధువులకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అదే కబురు చెబుతూ ఉన్నాడనుకో, అదే కథలో పెట్టు. అతను రాయో కాదో చదివేవాళ్లు తేల్చుకుంటారు. నీ కోపం నిజమే కాబట్టి అది కథలో ఉండాలి. కానీ అది నీ పాత్ర కోపంగా ఉండాలి. కథ చెబుతున్న గొంతు అతని మీద కేసు వేస్తున్నట్టు ఉండకూడదు.

ఒక్క హెచ్చరిక. చల్లబడ్డాక చదివితే కొన్ని వాక్యాలు సిగ్గనిపిస్తాయి. అతిగా ఉన్నవి కొన్ని, మరీ నిజంగా ఉన్నవి కొన్ని. రెండో రకాన్ని కొట్టెయ్యకు. ఆసుపత్రి నుంచి వస్తూ నీకు ఆకలేసిందని రాశావే, అది ఆ రకం. దాన్ని ముట్టుకోవద్దు.

మీ అక్క