గొంతు తీసేసినా రికార్డింగ్ కంపెనీదే

ప్రశ్న: మాది కడప. బ్యాంకులో పనిచేస్తాను, పాటలంటే ప్రాణం. కొనుక్కున్న సీడీల్లోని సినిమా పాటల నుంచి కంప్యూటర్లో గాయకుడి గొంతు తీసేసి, మిగిలిన మ్యూజిక్ మీద ఇంట్లో ప్రాక్టీస్ చేస్తుంటాను. మా పాటల క్లబ్బు వచ్చే నెల టికెట్ లేకుండా పెట్టే కార్యక్రమంలో ఆ ట్రాకుల మీదే పాడమంటున్నారు. ఒక స్నేహితుడు ట్రాకుకు రెండు వందలిస్తాను, చేసిపెట్టమంటున్నాడు. గొంతు లేదు కదా, కాపీరైట్ గొడవ రాదంటున్నారు. నిజమేనా?

జవాబు: ఇంట్లో ప్రాక్టీస్ గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు. కాపీరైట్ చట్టం, 1957లోని 52(1)(ఎ) సెక్షన్ ప్రకారం, సొంత వాడకానికి న్యాయమైన మేరకు వాడుకుంటే అది ఉల్లంఘన కాదు. డబ్బు పెట్టి కొన్న సీడీ, మీ కంప్యూటర్, మీ గది. ఇందులో మీ మీదికి ఎవరూ రాలేరనే నా అభిప్రాయం. ట్రాకు గడప దాటినప్పుడే లెక్క మారుతుంది.

గొంతు లేదు కాబట్టి గొడవ లేదన్న మాట మాత్రం తప్పు. ఒక సినిమా పాటలో సాహిత్యానికి ఒక హక్కు, బాణీకి ఒక హక్కు, స్టూడియోలో చేసిన రికార్డింగుకు వేరే హక్కు ఉంటాయి. మీరు గొంతు తీసేశాక మిగిలే వయొలిన్లు, తబలా అన్నీ ఆ రోజు స్టూడియోలో వాయించినవే. ఆ రికార్డింగును ఇంకో రూపంలోకి మార్చి దాచుకునే హక్కు కూడా 14వ సెక్షన్ కింద దాని యజమానిదే, అంటే చాలాసార్లు ఆడియో కంపెనీదే.

పైగా గొంతు పూర్తిగా పోదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చరణం చివర వినండి. మాట పోయినా, దాని వెనక వేసిన ఎకో సన్నగా మిగిలి ఉంటుంది. కోరస్ ఉన్నచోట ఇంకా బాగా తెలుస్తుంది. ట్రాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి కంపెనీ వకీలుకు ఆ మిగులే సాక్ష్యం.

ఇక మీ క్లబ్బు కార్యక్రమం. టికెట్ లేకపోతే ఏం చేసినా చెల్లుతుందని చాలామంది అనుకుంటారు. ఔత్సాహికుల క్లబ్బు డబ్బు తీసుకోకుండా ప్రేక్షకుల ముందు ప్రదర్శన ఇస్తే 52(1)(ఎల్) మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ ఆ క్లాజులో ఉన్నది సాహిత్యం, నాటకం, సంగీతం మాత్రమే. సౌండ్ రికార్డింగ్ పేరు అందులో లేదు. కాబట్టి కీబోర్డు, తబలా పెట్టుకుని మీరు అదే పాట పాడితే ఆ మినహాయింపు మీకు వర్తిస్తుంది. స్పీకర్లో మీరు చేసిన ట్రాకు వేసి పాడితే, పాట వరకు రక్షణ ఉంటుంది, ట్రాకుకు ఆ క్లాజు రక్షణ ఉండదు. దానికి రికార్డింగ్ యజమాని నుంచి లైసెన్సు తీసుకోవడమే క్షేమం. మార్కెట్లో కొనే కరోకే ట్రాకులైనా, కొత్తగా వాయించి చేసినవేనా, సొంత వాడకానికే ఇచ్చారా, స్టేజీ మీద వాడుకోవచ్చా అన్నది రాతలో చూసుకోండి.

స్నేహితుడికి అమ్మడం మాత్రం వద్దే వద్దు. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే, కారణాలు రాసి శిక్ష తగ్గించే వీలు కోర్టుకు ఉంటుంది. రెండు వందలు తీసుకున్న రోజే ఆ వాదన బలహీనపడుతుంది. ఈ నేరంలో వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చని, బెయిలు హక్కుగా రాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాంకు ఉద్యోగి మీద ఎఫ్ఐఆర్ పడితే డిపార్ట్‌మెంట్ విచారణ కూడా వెంట రావచ్చు. ఉచితంగా వాట్సాప్ గ్రూపులో పంచినా సొంత వాడకం అన్న గీత దాటినట్టే.

పాత పాటల విషయంలో కాస్త వెసులుబాటు ఉంది. రికార్డింగ్ హక్కు విడుదలైన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్లు. అంటే 1963లో వచ్చిన పాట రికార్డింగుకు 2023 చివరితో గడువు తీరింది. ఆ కాలపు రికార్డింగు నుంచి చేసిన ట్రాకును వేదిక మీద వేస్తే రికార్డింగ్ యజమాని అడ్డుకోలేడు. తర్వాత కొత్త వాయిద్యాలు కలిపి విడుదల చేసిన వెర్షన్ అయితే మాత్రం ముట్టుకోవద్దు, ఆ కలిపినదానికి కొత్త హక్కు ఉంటుంది. సాహిత్యం, బాణీల గడువు వేరు, రాసినవారు, కట్టినవారు పోయాక 60 ఏళ్లు. అదే పాట రాసిన కవి 1994లో పోయి ఉంటే సాహిత్యం మీద హక్కు 2054 చివరిదాకా ఉంటుంది. మీ కార్యక్రమం ఉచితం కాబట్టి పాడటానికి ఇబ్బంది లేదు. రేపు టికెట్ పెడితే సాహిత్యానికీ బాణీకీ అనుమతి తీసుకోవాలి.

వచ్చే నెలకు నా సలహా ఇది. అరవై ఏళ్లు దాటిన రికార్డింగులను ట్రాకుల మీద, మిగతావి కీబోర్డు, తబలాతో పాడండి. కార్యక్రమం వీడియోను యూట్యూబులో పెట్టాలనుకుంటే ముందే ఆలోచించండి. ఉచిత ప్రదర్శనకు ఉన్న మినహాయింపు ఆ అప్‌లోడుకు వర్తించదు. గొంతు తీసేసిన ట్రాకునైనా అక్కడి ఆటోమేటిక్ తనిఖీ పట్టుకోవచ్చు. కాపీరైట్ స్ట్రైకు పడితే అది తొంభై రోజులు ఉంటుంది, ఆ గడువులో మూడు పడితే ఛానెలే పోతుంది.